ఎదురుగా పిల్లలు లేని లెక్చర్‌కి స్క్రిప్టు రాసుకోవడం

ప్రశ్న: "విశాఖలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ డిపార్ట్‌మెంట్‌లో చెప్తాను. కోస్టల్ ఇంజనీరింగ్‌లో లిటోరల్ డ్రిఫ్ట్ టాపిక్‌ని స్లైడ్లతో రికార్డు చేసి ఇమ్మన్నారు. క్లాసులో బాగానే చెప్తాను కానీ ఖాళీ గదిలో లాప్‌టాప్ ముందు చెప్పింది నాకే బోరు కొట్టింది. 50 నిమిషాలు, 42 స్లైడ్లు. స్క్రిప్టు మొత్తం రాసుకుని చదివేయాలా? పిల్లలు చివరిదాకా చూడాలంటే ఎలా రాయాలి?"

సమాధానం:

నమస్తే అండి. మొత్తం రాసుకుని చదవొద్దు. క్లాసులో పిల్లలు మిమ్మల్ని ఎక్కడెక్కడ ఆపుతారో ముందు అది రాసుకోండి. ఆ ఆపే చోట్లే మీ స్క్రిప్టుకి మూలస్తంభాలు. వాటిని బట్టి 50 నిమిషాల్ని నాలుగు వీడియోలుగా విడగొట్టండి, ఒక్కో వీడియో ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పాలి. పొల్లుపోకుండా రాసుకోవాల్సినవి కొన్ని వాక్యాలే, మిగతాది బొమ్మ చూస్తూ మీరు మామూలుగా చెప్పుకుపోవచ్చు.

నేనూ విశాఖలోనే చాలా ఏళ్లుగా యూనివర్సిటీ లెక్చర్ల రికార్డింగు పనిలో ఉన్నాను. కెమెరా వేరేవాళ్లు చూసుకుంటారు. లెక్చరర్ పక్కన కూర్చుని స్లైడ్లూ స్క్రిప్టూ తయారుచేయించడం నా వంతు. అలలు ఇసుకని తీరం వెంబడి జరుపుకుపోవడమనే మీ టాపిక్ మన ఊరిదే కాబట్టి దాన్నే తీసుకుని చెప్తాను.

క్లాసులో పిల్లలు చేసే పని

మీరు క్లాసులో బాగా చెప్పగలగడానికి సగం కారణం ఎదురుగా ఉన్న మొహాలు. వెనక బెంచీలో ఒకరు నొసలు ముడిస్తే అదే సంగతి ఇంకోలా చెప్తారు. మీరు బోర్డు మీద బొమ్మ గీస్తుంటే వాళ్లు నోట్సులో దించుకుంటారు, అర్థం చేసుకునే తీరిక వాళ్లకి ఆ కాసేపట్లోనే దొరుకుతుంది. "అల ఏటవాలుగా వచ్చినప్పుడు ఇసుక కూడా అదే దారిన వెనక్కి పోవాలి కదా?" అని ఎవరో అడుగుతారు, అక్కడ పాఠం మలుపు తిరుగుతుంది. ఖాళీ గదిలో ఇవేవీ ఉండవు. మీరు ఆగకుండా చెప్పుకుంటూ పోతారు, స్లైడ్లు ఒకదాని వెంట ఒకటి వెళ్లిపోతాయి. మీకు బోరు కొట్టింది అందుకే, మీ గొంతులో లోపం ఉండి కాదు.

అందుకని మళ్లీ ఈ టాపిక్ క్లాసులో చెప్పేటప్పుడు ఫోను టేబుల్ మీద పెట్టి ఆడియో రికార్డు చేయండి. ఇంటికెళ్లి వింటూ మూడే మూడు గుర్తు పెట్టుకోండి: ఎక్కడ ప్రశ్న వచ్చింది, ఎక్కడ మీరు చెప్పిందే మళ్లీ చెప్పారు, ఎక్కడ ఆగి బొమ్మ వేశారు. ఈ సెమిస్టర్‌లో ఆ క్లాసు లేకపోతే థర్డ్ ఇయర్ విద్యార్థిని ఒకరిని కూర్చోబెట్టుకుని, స్లైడ్లు లేకుండా, కాగితం పెన్ను పట్టుకుని చెప్పండి. దాన్నీ రికార్డు చేయండి. స్లైడ్లు ముందుంటే మీరు వాటి వెనక నడుస్తారు. కాగితం ముందుంటే ఎదుటి మనిషి మొహం చూస్తారు.

42 స్లైడ్లు నాలుగు ప్రశ్నలు ఎలా అవుతాయి

లిటోరల్ డ్రిఫ్ట్‌లో పిల్లలు ఆపే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. ఇసుక తీరం వెంబడి అసలు ఎలా జరుగుతుంది? ఎంత జరుగుతుంది? మన తీరంలో ఏడాది మొత్తానికి ఏ వైపు పోతుంది? మధ్యలో రాళ్ల గోడ కడితే ఏమవుతుంది? ఇవే మీ నాలుగు వీడియోలు. ఈ నాలుగింట్లో దేనికీ జవాబు చెప్పని స్లైడ్లని పీడీఎఫ్‌గా విడిగా ఇచ్చేయండి. నిర్వచనాలు, వర్గీకరణలు, ఐదేసి బుల్లెట్లున్న స్లైడ్లు ఎక్కువగా అలా బయటికి పోయేవే.

నిడివి గురించి చాలామంది ఆరు నిమిషాల లెక్క చెప్తారు. అది 2014లో ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ చేసిన పరిశీలన నుంచి వచ్చింది. ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణల్ని చూశారు. వీడియో ఎంత పొడుగున్నా సగటు విద్యార్థి నిలబడింది మహా అయితే ఆరు నిమిషాలు. కానీ అవి ఎవరికి వారు ఇష్టపడి చేరిన ఉచిత కోర్సులు. మన పిల్లలకి ఎల్లుండి మిడ్ ఎగ్జామ్ ఉంటే 40 నిమిషాలు కూడా చూస్తారు. కాబట్టి ఆరుని శాసనంలా పట్టుకోకండి, ప్రశ్న తెగేదాకా చెప్పండి. ఒక్క ప్రశ్నే పెట్టుకుంటే ఏడు నుంచి తొమ్మిది నిమిషాల్లో అదే తెగుతుంది. పన్నెండు దాటిందంటే అందులో రెండో ప్రశ్న దూరిందని అనుమానించాలి.

మొదటి అర నిమిషం

మామూలుగా ఇలా మొదలవుతుంది: "విద్యార్థులందరికీ నమస్కారం. ఈ రోజు మనం యూనిట్ త్రీలో లిటోరల్ డ్రిఫ్ట్, దాని నిర్వచనం, రకాలు, ప్రభావితం చేసే అంశాలు తెలుసుకుందాం." పేరూ యూనిట్ నంబరూ తెర మీద ఎలాగూ కనిపిస్తున్నాయి. విద్యార్థికి కొత్తగా తెలిసిందేమీ లేదు, తేలాల్సిన సంగతీ ఏమీ లేదు.

దాని బదులు నాలుగో ప్రశ్నని మొదటి వీడియో మొదట్లోనే చూపించండి. తెర మీద విశాఖ తీరం మ్యాపు. డాల్ఫిన్స్ నోస్ కొండ, పోర్టు రాళ్ల గోడైన బ్రేక్‌వాటర్, దానికి ఉత్తరాన ఆర్‌కే బీచ్, ఈ మూడు పేర్లు చాలు. మాట ఇలా ఉండొచ్చు: "పోర్టుకి దక్షిణాన డ్రెడ్జర్ ఇసుక తవ్వుతుంది. ఆ ఇసుకని తెచ్చి ఉత్తరాన ఆర్‌కే బీచ్ దగ్గర పోస్తారు. ఒక పక్క ఇసుక ఎక్కువై, ఇంకో పక్క ఎందుకు కరువైంది? దానికి ముందు ఒక్క ఇసుక రేణువు ఎలా కదులుతుందో తెలియాలి." చదివితే అర నిమిషం కూడా పట్టదు. ఈ భాగం అక్షరం అక్షరం రాసుకోవాలి, ఇక్కడ తడబడితే వెనకాల ఎంత బాగా చెప్పినా లాభం లేదు.

రేణువు కదిలే ముక్క, స్క్రిప్టులో

స్క్రిప్టు పేజీని రెండు నిలువు గళ్లు చేయండి. ఎడమ గడిలో తెర మీద ఏం మారుతుందో, కుడి గడిలో ఏం అంటారో. ఇక్కడ కిందా మీదా పెట్టి చూపిస్తున్నాను.

తెర: తీరం బొమ్మ. కింద సముద్రం, పైన నేల. నీటి అంచున ఒక ఎర్ర చుక్క. ఇంకేమీ లేదు.

మాట: "ఈ ఎర్ర చుక్క ఒక ఇసుక రేణువు. అల ఎడమ నుంచి ఏటవాలుగా వచ్చింది. రేణువుని తనతో పాటు పైకి తోసింది."

తెర: చుక్క నుంచి కుడివైపు పైకి ఏటవాలు బాణం. చుక్క అక్కడికి జరుగుతుంది.

మాట: "ఇప్పుడు నీళ్లు వెనక్కి పోతున్నాయి. రేణువు ఏ దారిన దిగుతుంది? బాణం గీసి చూడండి."

ఆగు: ఐదు సెకన్లు. తెర కదలదు.

మాట: "చాలామంది వచ్చిన దారినే గీస్తారు. పైకి తోసింది అల, దాని దారి ఏటవాలు. కిందికి లాగేది బీచ్ వాలు. వాలు మీద నీళ్లు సూటిగా కిందికే దిగుతాయి."

తెర: సూటిగా కిందికి రెండో బాణం. మొదట చుక్క ఉన్న చోట బూడిద రంగు నీడ.

మాట: "మొదలైన చోట చుక్క లేదు. కుడికి జరిగింది. రోజంతా ఎన్ని అలలు వస్తాయో లెక్కేసుకోండి."

మీ క్లాసులో వచ్చే ప్రశ్నే ఇది. దాన్ని అడిగే పిల్లాడు లేడు కాబట్టి మీరే అడిగారు, తప్పు జవాబు కూడా మీరే చెప్పారు. ఆ తప్పు జవాబుని వదిలేయకండి. తన మనసులో ఉన్న జవాబు తెర మీద వినపడ్డప్పుడు విద్యార్థి నిటారుగా కూర్చుంటాడు. "అర్థమైందా?" అని అడగడం మాత్రం వీడియోలో దండగ, దానికి జవాబిచ్చేవాళ్లు లేరు. పెన్ను పట్టుకుని చేసే పని ఏదైనా అడగండి.

ఇలా మధ్యలో ఆపి అడగడం మీద 2013లో జుపునార్, ఖాన్, షాక్టర్ చేసిన ప్రయోగం ఉంది. 21 నిమిషాల స్టాటిస్టిక్స్ వీడియోని నాలుగు ముక్కలు చేశారు. ప్రతి ముక్క తర్వాత చిన్న పరీక్ష రాసినవాళ్ల ధ్యాస తక్కువగా చెదిరింది, వాళ్లు నోట్సు కూడా ఎక్కువ రాసుకున్నారు.

ఆ ఐదు సెకన్లు మాట్లాడేవాళ్లకి యుగంలా ఉంటాయి, ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. స్క్రిప్టులో "ఆగు" అని పెద్దక్షరాల్లో రాసుకోవడం అందుకే. ఎడిటింగ్ ఇంకొకరు చేస్తుంటే వాళ్లకీ ఈ కాగితం ఇవ్వండి. నిశ్శబ్దం కనిపిస్తే కత్తిరించడం వాళ్లకి అలవాటు.

ఇంకొక్కటి. ఈ జిగ్‌జాగ్ బొమ్మ ఒడ్డు మీద జరిగేదే చూపిస్తుంది. అలలు విరిగే చోట తీరానికి సమాంతరంగా ఒక ప్రవాహం పుడుతుంది, నీళ్లలో లేచిన ఇసుకని అది మోసుకుపోతుంది. ఆ మాట చెప్పకపోతే జిగ్‌జాగే మొత్తం కథ అనుకుని పరీక్షలో అదే రాస్తారు. మీరు సులువు చేసి చెప్పిన ప్రతిచోటా అది సులువు చేసిందే అని ఒక వాక్యం రాసుకోండి. ఇక్కడ ఆ వాక్యమే రెండో వీడియోకి దారి: "ఇది ఒడ్డు మీది సంగతి. నీళ్లలో ఇంకో ప్రవాహం ఉంది. మొత్తం ఎంత ఇసుక పోతుందో లెక్క కట్టాలంటే దాన్నీ పట్టుకోవాలి."

ఫార్ములా స్లైడు

రెండో వీడియోలో ఎంత ఇసుక పోతుందో లెక్కకట్టే సెర్క్ ఫార్ములా వస్తుంది. సాంద్రతలు, గుణకాలు అన్నీ ఉన్న పూర్తి రూపం ఒక్కసారిగా తెర మీద పడగానే చూసేవాళ్లు వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసుకుని వెళ్లిపోతారు. ముందు ఇంతే చూపించండి:

```
Q ∝ H^2.5 × sin(2α)
```

Q అంటే తీరం వెంబడి పోయే ఇసుక, H అంటే విరిగే చోట అల ఎత్తు, α అంటే అక్కడ అల శిఖరానికీ తీరానికీ మధ్య కోణం. "అల ఎత్తు ఒక మీటరు నుంచి రెండు మీటర్లయింది. ఇసుక ఎన్ని రెట్లు పోతుంది? అంకె రాసుకోండి." ఆగు. రెండు రెట్లు అనేవాళ్లూ నాలుగు అనేవాళ్లూ ఉంటారు. రెండుని 2.5 ఘాతానికి హెచ్చిస్తే 5.66 వస్తుంది, అంటే ఐదున్నర రెట్ల పైమాటే. కొద్ది రోజుల పెద్ద అలలు ఎన్నో రోజుల చిన్న అలల కంటే ఎక్కువ ఇసుకని జరపగలవని అప్పుడు చెప్పండి, దానికి విలువ ఉంటుంది. తర్వాత కోణం. α సున్నా అయితే ఏమవుతుంది? అల తిన్నగా వస్తే రేణువు పైకెళ్లి కిందికి రావడమే, పక్కకి జరగదు. మొదటి వీడియోలో చుక్క చెప్పిన సంగతే sin(2α) చెప్తోందని వాళ్లకే తడుతుంది. పూర్తి ఫార్ములా వీడియో చివర పది సెకన్లు ఉంచితే చాలు.

మూడో వీడియో గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాలప్పుడు దక్షిణానికి, ఏడాది మొత్తం మీద లెక్క ఉత్తరానికే తేలుతుంది. రెండు బాణాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

నాలుగోది అసలు కథ. మన ఓడరేవు తెరిచింది 1933లో. ఆ రోజుల్లోనే దక్షిణం నుంచి వచ్చే ఇసుకని అడ్డుకోవడానికి రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి ముంచారు. 1970ల్లో ఔటర్ హార్బర్, దాని బ్రేక్‌వాటర్లు వచ్చాయి. ఇక్కడ మీ క్లాసులో తప్పకుండా వచ్చే ప్రశ్న "అయితే గోడ తీసేస్తే సరిపోదా?" అని. దాన్ని స్క్రిప్టులో అలాగే, ఆ మాటల్లోనే పెట్టండి. గోడ తీస్తే ఓడలు వచ్చే ఛానెల్ పూడిపోతుంది కాబట్టి ఇసుకనే గోడ దాటించి పోస్తున్నారన్న జవాబుతో, మొదటి వీడియోలో చూపించిన డ్రెడ్జర్ అక్కడ ఎందుకుందో తేలిపోతుంది.

ఏది పూర్తిగా రాయాలి, ఏది వదిలేయాలి

మొదటి అర నిమిషం, నిర్వచనం చెప్పే వాక్యం, అడిగే ప్రశ్నలు, తర్వాతి వీడియోకి దారితీసే చివరి వాక్యం పూర్తిగా రాసుకోండి. బొమ్మ వివరించే చోట ముక్కలు ముక్కలుగా గుర్తులు చాలు. మొత్తం రాసుకున్నవాళ్లు చదువుతున్నారని పది సెకన్లలో తెలిసిపోతుంది. ప్రతి వాక్యం ఒకే ఎత్తులో మొదలై ఒకే చోట దిగుతుంది, "చేయబడుతుంది", "పరిగణించబడుతుంది" లాంటివి దొర్లుతాయి. క్లాసులో మీరు అలా మాట్లాడరు కదా.

కొందరికి గుర్తులు చూస్తూ చెప్పడం కుదరదు, టెన్షన్ వస్తుంది. అలాంటివాళ్లు పూర్తిగానే రాసుకోవచ్చు. కాకపోతే ముందు నోటితో చెప్పి రికార్డు చేసి, ఆ చెప్పిందే కాగితం మీద పెట్టి, పునరుక్తులు తీసేయాలి. నేరుగా రాస్తే పుస్తకం భాషే వస్తుంది.

ఎంతసేపు వస్తుందో అంచనాకి ఇంగ్లీషు లెక్కలు వాడకండి. నిమిషానికి 130, 150 పదాలంటారు గానీ తెలుగు పదం పొడుగు, ఒక్కో క్రియలోనే మూడు మాటల అర్థం ఇరుక్కుని ఉంటుంది. ఒక పేజీ పైకి చదివి స్టాప్‌వాచ్ చూసుకుంటే మీ లెక్క మీకు వస్తుంది.

స్లైడు మీద ఉన్నది చదవొద్దు, కానీ...

తెర మీది వాక్యాన్నే గొంతుతో చదివితే రెండూ పోటీ పడతాయి. రిచర్డ్ మేయర్ మల్టీమీడియా పాఠాల మీద చెప్పిన సూత్రాల్లో ఇదొకటి. దీన్ని పట్టుకుని కొందరు స్లైడు మీద ఒక్క మాట కూడా లేకుండా చేస్తారు. మన పిల్లల్లో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఉంటారు. కొత్త టెక్నికల్ మాట మొదటిసారి చెప్పినప్పుడు దాని స్పెల్లింగు బొమ్మ పక్కనే కనిపించాలి. ఒకటి రెండు మాటలు ఉంటే పోటీ రాదు, సాయమే. వాక్యాలు పెట్టినప్పుడే ఇబ్బంది.

"ఇక్కడ చూడండి" అనే మాట మీ స్క్రిప్టులో ఎన్నిసార్లుందో వెతకండి. క్లాసులో మీ చెయ్యి చూపిస్తుంది, వీడియోలో చెయ్యి లేదు. ప్రతి "ఇక్కడ"కీ ఎడమ గడిలో ఒక బాణమో, రంగు మారడమో ఉండాలి, లేకపోతే ఆ మాట తీసేసి "బ్రేక్‌వాటర్ కుడి పక్కన" అని చెప్పాలి. పెన్ టాబ్లెట్ ఉంటే తెర మీదే గీస్తూ చెప్పడం అన్నిటికంటే మేలు, బోర్డు దగ్గర దొరికే ఆ తీరిక తిరిగి వస్తుంది. "నిన్న చెప్పుకున్నాం", "ముందు స్లైడులో చూశాం" కూడా తీసేయండి, నాలుగో వీడియో ఒక్కటే తెరిచేవాళ్లు చాలామంది.

పవర్‌పాయింట్‌లోనే రికార్డు చేస్తుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. స్లైడు మారే ఆ క్షణంలో అది ఆడియో తీసుకోదు. వాక్యం మధ్యలో క్లిక్ చేస్తే ఒకటి రెండు మాటలు మింగేస్తుంది. వాక్యం పూర్తిచేసి, ఒక సెకను ఆగి, క్లిక్ చేసి, ఇంకో సెకను ఆగి మొదలుపెట్టండి. స్క్రిప్టులో క్లిక్ గుర్తు ఎప్పుడూ వాక్యం చివరే ఉండాలి. లాభం ఏమిటంటే ఆడియో స్లైడు స్లైడుకీ విడిగా ఉంటుంది, తప్పొస్తే ఆ ఒక్క స్లైడే మళ్లీ చెప్పుకోవచ్చు.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

నాలుగూ రికార్డు చేసేయకుండా ముందు ఒక్కటి చేసి, ఈ సబ్జెక్టు తెలియని ఒక విద్యార్థికి చూపించండి. పక్కన కూర్చోండి, నోరు విప్పొద్దు. ఎక్కడ ఫోను వైపు చూశాడో, ఎక్కడ వీడియోని వెనక్కి జరిపాడో ఆ నిమిషం రాసుకోండి. ఫోను వైపు చూసిన చోటుకి అర నిమిషం ముందు స్క్రిప్టు చూస్తే, ప్రశ్న తెగిపోయాక కూడా మీరు మాట్లాడుతూ ఉండటం సాధారణంగా కనిపిస్తుంది. వెనక్కి జరిపిన చోట ఎక్కువగా బొమ్మ మాట కంటే వేగంగా మారి ఉంటుంది.

యూట్యూబ్‌లో పెడితే ఏ క్షణం దాకా ఎంతమంది చూశారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ కూడా ఇస్తుంది. మొదటి అర నిమిషంలోనే బాగా పడిపోతే మొదలు మార్చాలి. మధ్యలో గుట్టలా లేస్తే అక్కడ మళ్లీ మళ్లీ చూశారని అర్థం. అర్థం కాకో, పరీక్షకి పనికొచ్చో గ్రాఫ్ చెప్పదు, పిల్లల్ని అడగాల్సిందే. ఒక్క సెక్షన్ పిల్లలే చూసిన వీడియోకి ఆ గీత మీద పెద్దగా ఆధారపడకండి, ఇద్దరు ముగ్గురు ఆపేసినా అది వంకర పోతుంది.

రికార్డింగు రోజు ఫ్యాను కట్టేయాలి కాబట్టి మన ఊరి ఉక్కలో పొద్దున్నే పెట్టుకోండి. మొదట రెండో వీడియోతో మొదలుపెట్టండి, తర్వాత మూడు, నాలుగు, చివరికి ఒకటి. మొదటి పావుగంట ఎవరి గొంతైనా బిగుసుకునే ఉంటుంది. పిల్లలు ముందుగా తెరిచే వీడియోలో ఆ గొంతు వినపడకూడదు.